మంజూరైన సెలవులో డ్యూటీకి రమ్మంటే ఏం జవాబివ్వాలి?

ప్రశ్న: సార్, నేను హన్మకొండలో ఒక టూవీలర్ షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్లయింది, జీతం 24,800. బిడ్డ పుట్టినప్పుడు మేడారంలో ఎత్తు బంగారం ఇస్తామని మొక్కుకున్నాం. జాతరకని జనవరి 28 నుంచి 31 వరకు సెలవు పెడితే డిసెంబరులోనే యాప్‌లో మంజూరైంది. ఇప్పుడు మేనేజర్ రోజూ ఫోన్ చేసి నెలాఖరు క్లోజింగ్ ఉంది, 30న రావాల్సిందే, రాకపోతే జీతం కట్ చేస్తా, ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకో అంటున్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిన్న వాట్సాప్‌లో "ట్రై చేస్తా సార్" అని పెట్టాను. గొడవెందుకు, మెడికల్ సర్టిఫికెట్ పెట్టెయ్ అంటున్నాడు మా బావమరిది. ఆయనతో మర్యాద చెడకుండా ఏం జవాబివ్వాలి?

జవాబు: మీ మొక్కు ఎంత పెద్దది, మేనేజర్ ఎంత గట్టిగా అరిచాడు అన్నవి ఈ కేసును తేల్చవు. తేల్చేది ఒక్కటే. మీ సెలవును రద్దు చేస్తున్నట్టు, రద్దు చేసే అధికారం ఉన్నవాళ్ల దగ్గర్నుంచి, రాతలో ఏమైనా వచ్చిందా? మీరు రాసిన దాన్నిబట్టి రాలేదు, వచ్చినవన్నీ ఫోన్లే. అలాగైతే యాప్‌లో మంజూరైన సెలవు ఇంకా మంజూరైనట్టే ఉంది, 30న మీరు రాకపోవడం గైర్హాజరు కాదు. ఫోన్‌లో "రావాల్సిందే" అనడం ఒత్తిడి అవుతుంది గానీ ఉత్తర్వు కాదు. ప్రభుత్వ ఉద్యోగుల సంగతే చూడండి, వాళ్లను సెలవులోంచి వెనక్కి పిలిచే అధికారం ఫండమెంటల్ రూల్స్‌లోనే రాసి ఉంది, అయినా అక్కడ కూడా సెలవు మంజూరు చేసే అధికారం ఉన్నవాళ్లే పిలవాలి, రాక తప్పదని పిలిస్తే బయల్దేరిన రోజు నుంచి డ్యూటీగా లెక్కపెట్టి ప్రయాణ భత్యం కూడా ఇస్తారు.

అయితే దీన్ని విని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. మంజూరైన సెలవును ప్రైవేటు యజమాని ఎప్పటికీ రద్దు చేయకూడదని చట్టం చెప్పదు. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం (1988) మీలాంటి షోరూమ్ ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల ఆర్జిత సెలవు, 12 క్యాజువల్, 12 సిక్ లీవులు ఇస్తుంది, కానీ ఫలానా తేదీన తీసుకునే హక్కు మీదే అని రాయలేదు. చాలా కంపెనీల లీవ్ పాలసీలో "పని అవసరాన్నిబట్టి సెలవు రద్దు చేయవచ్చు" అని ఒక లైను ఉంటుంది. మీ అపాయింట్‌మెంట్ లెటరూ లీవ్ పాలసీ ఈ రోజే తీసి చదవండి. ఆ లైను ఉందా, ఉంటే రద్దు చేసేది బ్రాంచి మేనేజరా హెచ్‌ఆరా అన్నది చూసుకోండి.

ఇక మీ "ట్రై చేస్తా సార్" గురించి. మూడేళ్ల నుంచి అకౌంట్స్ రాస్తున్న మనిషి, ఒక వోచరు తప్పుగా పడితే ఎంత తలనొప్పో తెలిసిన మనిషి, ఇలాంటి మాట రాతలో ఎట్లా పెట్టారండీ? మేనేజర్ బెదిరించిన మాటలన్నీ గాల్లో కలిసిపోయాయి, మీరు మెత్తబడ్డ మాట ఒక్కటే రికార్డుగా మిగిలింది. రేపు హెచ్‌ఆర్ ముందు ఆయన చూపించేది అదే: వస్తానన్నాడు, నమ్ముకున్నాం, రాలేదు, క్లోజింగ్ ఆగింది. దాన్ని డిలీట్ చేయకండి, చేస్తే ఇంకా చెడ్డగా కనిపిస్తుంది. మెయిల్‌లో సరిచేయండి.

ఆ మెయిల్ ఈ రోజే వెళ్లాలి. మేనేజర్‌కు పంపి, హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టండి. ఫోన్ చేసిన రోజే వెళ్లిన మెయిల్‌కు ఉండే విలువ వారం తర్వాత వెళ్లినదానికి ఉండదు. మీరు ఇంగ్లీషులో పెట్టుకున్నా సరే, విషయం ఇట్లా ఉండాలి:

"నమస్కారం సార్. జనవరి 28 నుంచి 31 వరకు నా సెలవు డిసెంబరులో యాప్‌లో మంజూరైంది. ఈ ఉదయం మీరు ఫోన్ చేసి నెలాఖరు క్లోజింగ్ కోసం 30న డ్యూటీకి రావాలని చెప్పారు. ఇంట్లో ముందే ఖరారైన కార్యక్రమం వల్ల ఆ నాలుగు రోజులు నేను రాలేను. నిన్న వాట్సాప్‌లో ట్రై చేస్తానని రాసినందుకు అపార్థం కలగకూడదని ఈ విషయం స్పష్టంగా తెలియజేస్తున్నాను. 27 సాయంత్రంలోగా ఆ రోజు వరకు వోచర్ల ఎంట్రీ, బ్యాంకు రీకన్సిలియేషన్ పూర్తి చేసి, మీరు చెప్పినవారికి ఫైళ్లు అప్పగిస్తాను. సెలవు రోజుల్లో నేను ఉండే చోట ఫోన్ సిగ్నల్ సరిగా ఉండకపోవచ్చు. ఫిబ్రవరి 2, సోమవారం ఉదయం డ్యూటీలో ఉంటాను. ఒకవేళ కంపెనీ నా సెలవును రద్దు చేసి ఉంటే, ఆ నిర్ణయాన్ని కారణంతో సహా 27లోగా మెయిల్‌లో తెలియజేయగలరు. అంతవరకు మంజూరైన సెలవు అలాగే ఉందని భావిస్తాను."

ఇందులో మొక్కు గురించి లేదు, గమనించారా? కారణం చెబితే ఆ కారణం మీద బేరం మొదలవుతుంది, ఒక్క రోజు ముందు వెళ్లి రావచ్చుగా అంటారు. సెలవు అడిగేటప్పుడు కారణం చెప్పాలి, మంజూరయ్యాక మళ్లీ విన్నవించుకోనక్కర్లేదు. "రాలేను" అన్న చోట "కుదరకపోవచ్చు" అని మార్చకండి, మీ మెతకదనం మళ్లీ అక్కడే బయటపడుతుంది. వేధింపు, టార్చర్, కోర్టు, సెక్షన్ లాంటి మాటలు కూడా ఈ మెయిల్‌లో వద్దు. రేపు లేబర్ అధికారి చదివితే, పని అప్పజెప్పి వెళ్లిన బాధ్యతగల ఉద్యోగి కనిపించాలి. అందుకే 27 నాటికి ఏం పూర్తి చేస్తారన్న వాక్యం ముఖ్యం, రాసింది రాసినట్టు చేసి కూడా చూపించాలి. చేశాక ఫైళ్లు అప్పగించానని ఇంకో రెండు లైన్ల మెయిల్ పెట్టండి.

సిగ్నల్ వాక్యం ఊరికే పెట్టలేదు. జాతర జనంలో, తాడ్వాయి దాటాక మీకు ఫోన్ కలుస్తుందన్న నమ్మకం లేదు. 29 రాత్రి రద్దు మెయిల్ పంపి, చూసి కూడా రాలేదని వాళ్లు అనవచ్చు. కృష్ణకాంత్ పర్మార్ కేసులో (2012) సుప్రీంకోర్టు ఏమన్నదంటే, రాకపోవడం ఒక్కటే తప్పు కాదు, కావాలనే రాలేదని విచారణలో రుజువు కావాలి. అది ప్రభుత్వ ఉద్యోగి కేసే, కానీ ఈ తర్కం మీకూ పనికొస్తుంది. ముందే చెప్పి వెళ్లినవాణ్ని కావాలని ఎగ్గొట్టాడని నిరూపించడం కష్టం.

మరి 27లోపే నిజంగా రద్దు మెయిల్ వస్తే? అప్పుడు దాన్ని చూడనట్టు నటించి వెళ్లిపోకండి, ఇప్పటిదాకా మీ వైపున్న కేసు అక్కడ తిరగబడుతుంది. గంటలోపు జవాబివ్వండి: ఏ నిబంధన కింద రద్దు చేశారు, బండి అడ్వాన్సు లాంటి ఖర్చులు ఎవరిస్తారు, ఈ నాలుగు రోజులు నా ఖాతాలో తిరిగి వేస్తారా, 30 ఒక్కరోజు వచ్చి మిగతా మూడు రోజులు వాడుకోవచ్చా అని అడగండి. పాలసీలో రద్దు అధికారం ఉండి, హెచ్‌ఆర్ కూడా కాదంటే, ఆక్షేపణ రాతలో పెట్టి 30న వెళ్లడమే నా సలహా. మొక్కు 29న కూడా చెల్లించవచ్చు.

మీ బావమరిది మాట మాత్రం ఇక్కడే వదిలేయండి. యాప్‌లో సెలవు కారణం ఇప్పటికే రికార్డయి ఉంది. అవే తేదీలకు జ్వరమని సర్టిఫికెట్ పెడితే, మీ రెండు కాగితాలు ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి, పైగా ఇంట్లో ఎవరో ఒకరు జంపన్న వాగు దగ్గర ఫొటో స్టేటస్‌లో పెట్టకుండా ఉండరు. ఈ రోజు మీరు ఏ తప్పూ చేయని ఉద్యోగి. దొంగ సర్టిఫికెట్ పెట్టిన క్షణం నుంచి మోసం చేసిన ఉద్యోగి. సెలవు వివాదంలో ఉద్యోగం తీయడం యజమానికి అంత తేలిక కాదు, తప్పుడు పత్రం పెట్టాడన్న ఆరోపణ మీద చాలా తేలిక, ఫోర్జరీ అయితే క్రిమినల్ కేసు కూడా. నోటిదాకా వచ్చిన కేసులు ఇట్లా పోగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

సాక్ష్యాల సంగతి. మంజూరు కనిపించే యాప్ పేజీని తేదీలతో సహా ఈ రాత్రే స్క్రీన్‌షాట్ తీయండి, ఎందుకంటే గొడవ ముదిరితే మొదట పోయేది యాప్ లాగిన్. మీ సెలవు రికార్డు వరకే తీసుకోండి, కస్టమర్ల వివరాలు, లెక్కల ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకున్నారంటే అదే కొత్త ఆరోపణ అవుతుంది. కాల్ లాగ్, వాట్సాప్ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని సులువు. ఇకమీదట ఆయన ఫోన్ చేసి ఏమన్నా, పెట్టేసిన వెంటనే "మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని ఒక లైను మెయిల్ పెట్టండి. ఈ అలవాటు చూసి చాలామంది ఫోన్లు తగ్గిస్తారు.

జీతం కట్ చేస్తే జనవరి పేస్లిప్‌లో తెలిసిపోతుంది. 31 రోజుల నెలకు మీ రోజు జీతం 800, నాలుగు రోజులకు 3,200. జీతంతో కూడిన సెలవు మంజూరై, రద్దు కాకపోతే ఆ 3,200 కోయడానికి వీల్లేదు. ఒకవేళ అది గైర్హాజరే అనుకున్నా, రాని రోజులకు మించి కోయకూడదు, కాబట్టి శిక్షగా వారం రోజుల జీతం కోస్తే అది ఎట్లా చూసినా తప్పే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కింద ఇలాంటి క్లెయిముకు మూడేళ్ల గడువుంది, బాకీ చెల్లించామని నిరూపించుకోవాల్సింది యజమానే. గడువు ఉంది కదా అని కూర్చోకండి, పేస్లిప్ వచ్చిన వారంలో హెచ్‌ఆర్‌కు రాసి, పదిహేను రోజులు చూసి, మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు ఫిర్యాదు ఇవ్వండి.

ఉద్యోగం తీసేస్తానన్న బెదిరింపుకు అంత భయం అక్కర్లేదు. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీయాలంటే షాపుల చట్టం 47వ సెక్షన్ ఒక నెల నోటీసో నెల జీతమో ఇవ్వమంటుంది, తప్పు చేశాడని తీయాలంటే విచారణ జరగాలి. ఎన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని కాగితంలో రాసుకున్నా, విచారణ లేకుండా అది చెల్లదని డి.కె. యాదవ్ కేసులో (1993) సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదమల్లా కోపంలో మీరే "అయితే రిజైన్ చేస్తా" అని మెసేజ్ పెట్టడంలో ఉంది.

2వ తేదీ పొద్దున టైముకు వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే వాదించకుండా గేటు దగ్గర్నుంచే "డ్యూటీకి వచ్చాను, ఇన్ని గంటలకు ఫలానా వారు ఆపారు" అని మెయిల్ పెట్టి, ఆ వారంలోనే కాగితాలన్నీ తీసుకుని వకీలును కలవండి. తొలగింపు మీద అప్పీలుకు ఉండే గడువు, జీతం క్లెయిముకు ఉన్నంత పెద్దది కాదు.