పదేళ్లలో ఉద్యోగం మానేయాలంటే ఎంత కావాలి?

పదేళ్లలో ఉద్యోగం మానేయాలంటే ఎంత డబ్బు ఉండాలి, ఎలా లెక్కేయాలి?

గుంటూరులో మా అక్కా బావలు చేసిన లెక్క చెప్తా. బావకి 36, అక్కకి 34, బ్రాడీపేటలో సొంతిల్లు, నెలకి 40 వేల ఖర్చు. దాచిన దాంట్లోంచి ఏటా 4 శాతం తీసుకుంటూ బతకాలంటే ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉండాలి, అంటే కోటీ 20 లక్షలు అని బావ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి సంబరపడ్డాడు.

అక్క అడిగింది, ఈ 40 వేలు ఇవాల్టివి కదండీ అని. ఏటా 6 శాతం ధరలు పెరిగితే పదేళ్లకి అదే ఖర్చు దాదాపు 72 వేలవుతుంది, అప్పుడు కావాల్సింది 2 కోట్ల 15 లక్షలు. (45 దాటగానే మానేస్తే 25 రెట్లు కూడా బొటాబొటియే, 30 మేలు.)

నెలకి 50 వేలు సిప్ వేసి ఏటా 10 శాతం పెంచుతూ పోయినా, 10 శాతం రాబడి వస్తే కోటిన్నర దగ్గరే ఆగుతుంది, అదీ మార్కెట్ దయ. అదే 4 శాతం లెక్కన కోటిన్నర మీద నెలకి 50 వేలే తియ్యొచ్చు, మిగతా 22 వేలకి అక్క ఇంట్లో లెక్కల ట్యూషన్ చెప్తానంది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకున్నారు, బీపీ షుగర్ వచ్చాక ఇవ్వడానికి సతాయిస్తారని.