ఆటో డెబిట్ ఫెయిలైతే కోత మీద కోత

ప్రశ్న: మాది గుణుపూర్, చిన్న బట్టల కొట్టు. పాప నీట్ ఆన్‌లైన్ క్లాసులకి నెలకి 1,499 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి ఆటో డెబిట్. ఈ నెల 5న ఖాతాలో 1,400 ఉన్నాయి, ఫెయిలైంది. సంత డబ్బు వచ్చాక 7న ఇంకో 300 వేశాను. అయినా 8న మళ్లీ ఫెయిల్. బ్యాంకు రెండుసార్లు 295 చొప్పున కోసింది, కంపెనీ లేట్ ఫీజు 100 అంటోంది. 15 దాకా గ్రేస్ పీరియడ్ ఉందట. ఈలోగా రద్దు చేస్తే 15 వరకైనా పాప క్లాసులు చూడగలదా?

జవాబు: చూడగలదన్న నమ్మకం పెట్టుకోకండి. డబ్బు కట్టిన నెల మధ్యలో రద్దు చేస్తే, కట్టిన రోజులు మీవే కాబట్టి నెలాఖరు దాకా క్లాసులు తెరుచుకోవడం మామూలు. మీ విషయంలో కట్టిన నెల 5తోనే అయిపోయింది. ఆ తర్వాత పాప చూస్తున్నది కంపెనీ ‘ఇవాళో రేపో కడతారులే’ అని అరువిచ్చిన రోజులు. రద్దు నొక్కితే ఇక కట్టరని తేలిపోతుంది కనుక, చాలా సర్వీసులు అప్పుడే తలుపు మూసేస్తాయి. కొన్ని మాత్రం గడువు దాకా ఉంచుతాయి. యాప్‌లో రద్దుకు సంబంధించిన షరతుల్లో ‘గ్రేస్ పీరియడ్’ అనే మాట దగ్గర ఏం రాశారో చదవండి. రద్దు చేయాలనే అనుకుంటే ముందు పాప టెస్టుల మార్కులు, నోట్సు, పాత రసీదులు దించుకోండి.

ఇక రెండోసారి ఎందుకు ఫెయిలైందో చూడండి. 1,400కి 300 కలిపితే 1,700, చాలాలి కదా అని మీ లెక్క. కానీ 5న ఫెయిలవగానే బ్యాంకు రిటర్న్ చార్జీ 250, దానిపై 18 శాతం జీఎస్టీ 45, వెరసి 295 తీసుకుంది. మిగిలింది 1,105. దానికి మీ 300 కలిస్తే 1,405. అంటే 94 రూపాయలు తక్కువై ఇంకో 295 పోయింది. ఇప్పుడు ఖాతాలో 1,110 ఉండాలి. పాస్‌బుక్‌లో NACH లేదా ACH అని మొదలై RTN అనే ముక్క ఉన్న లైన్లు సాధారణంగా ఇవే.

మళ్లీ ప్రయత్నించమని పంపేది కంపెనీ, చార్జీ వేసేది మీ బ్యాంకు. కంపెనీ పంపిన ప్రతిసారీ బ్యాంకుకి అది కొత్త డెబిట్ కిందే లెక్క, కాబట్టి ఒకే నెల ఫీజుకి రెండు మూడు చార్జీలు పడతాయి. ఖాతాలో సొమ్ము లేకపోతే కొన్ని బ్యాంకులు ఆ చార్జీని బాకీగా రాసుకుని, మీరు తర్వాత వేసిన డబ్బులోంచి ముందు అదే లాగేస్తాయి. అందుకే ఫెయిలైన తర్వాత డబ్బు వేసేటప్పుడు పాత బ్యాలెన్స్ కాదు, ఆ పూట బ్యాలెన్స్ చూడాలి.

క్లాసులు కావాలంటే మూడో ప్రయత్నం కోసం ఎదురుచూడకండి. యాప్‌లోని చెల్లింపు లింకుతో మీరే కట్టేసి, ‘ఈ బిల్లుకి ఆటో డెబిట్ మళ్లీ పంపొద్దు’ అని కస్టమర్ కేర్‌కి మెసేజ్ పెట్టండి. అప్పటికే బ్యాంకుకి పంపేసి ఉంటే రెండుసార్లు డబ్బు పోయే ప్రమాదం ఉంది, ఆ మెసేజ్, రసీదు దాచుకోండి. మొదటిసారి ఆలస్యమని చెప్పి లేట్ ఫీజు 100 తీసేయమని అడగండి. అడిగితే పోయేదేం లేదు.

వద్దనుకుంటే రెండు చోట్ల రద్దు చేయాలి. యాప్‌లో రద్దు చేస్తే వచ్చే నెల బిల్లు ఆగుతుంది, పాత బిల్లు కోసం ప్రయత్నాలు ఆగుతాయన్న హామీ లేదు. కాబట్టి రద్దయినట్టు ఈమెయిల్ తీసుకుని, 5 తర్వాత చూసిన రోజులకి బాకీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. తర్వాత బ్యాంకులో మ్యాండేట్, అంటే ఆటో డెబిట్‌కి మీరిచ్చిన అనుమతి, రద్దు చేయించండి. దానికి UMRN అనే నంబరు కావాలి, నెట్ బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల దగ్గర దొరుకుతుంది, లేకపోతే బ్రాంచిలో ఇస్తారు. మ్యాండేట్ ఒక్కటే తీసేసి ఊరుకుంటే బ్యాంకు చార్జీలు ఆగుతాయి గానీ కంపెనీ పుస్తకంలో బాకీ అలాగే ఉంటుంది.

ఇంకొకటి తప్పక చూడండి. మ్యాండేట్ కోచింగ్ కంపెనీ పేరు మీద ఉందా, ఫైనాన్స్ కంపెనీ పేరు మీద ఉందా? ఫైనాన్స్ కంపెనీదైతే మీరు కడుతున్నది నెల ఫీజు కాదు, ఏడాది ఫీజుకి తీసుకున్న లోన్ వాయిదా. క్లాసు రద్దు చేసినా ఆ లోన్ దానంతటది పోదు. కోచింగ్ వాళ్లు ఫైనాన్స్ కంపెనీకి డబ్బు తిరిగిచ్చి, లోన్ మూసేసినట్టు కాగితం వచ్చేదాకా వాయిదా ఆపకండి, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. అలాంటి లోన్‌లో ఆలస్యానికి జరిమానా వేయొచ్చు గానీ, 2024 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నియమం ప్రకారం ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

క్లాసులు కొనసాగిస్తే డెబిట్ తేదీని 5 నుంచి సంత డబ్బు చేతికొచ్చే రోజు తర్వాతకి మార్చమని కంపెనీని అడగండి. కొన్ని కంపెనీలు దానికి కొత్త మ్యాండేట్ తీసుకుంటాయి. అప్పుడు పాతది రద్దయిందో లేదో మీరే చూసుకోవాలి.