చెప్పకుండా మీటింగ్ తప్పిపోయింది, ఇప్పుడేం చెప్పాలి?

"మేడమ్, డిగ్రీ ఫైనలియర్ చదువుతూ చిన్న చిన్న వెబ్‌సైట్లు చేస్తున్నాను. నిన్న, సోమవారం 11 గంటలకు ఒక బట్టల షాపు ఓనరుతో మీటింగ్. తెల్లవారుజామున నాన్నకు గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చాం, స్టెంట్ వేశారు. మీటింగ్ సంగతే మర్చిపోయాను. రాత్రి ఫోన్ చూస్తే ఆయన నుంచి మూడు మిస్డ్ కాల్స్. సాకు చెబుతున్నాననుకుంటారేమో. గురువారం డిశ్చార్జి అంటున్నారు."

ముందు నాన్నగారి సంగతి చూసుకోండి, బాబూ. షాపు ఓనరుకు ఫోన్ మాత్రం ఈరోజే చేయండి. షాపు తెరిచిన కాసేపటికి, బేరాలు మొదలవకముందే చేస్తే మంచిది. ఎత్తకపోతే వాట్సాప్‌లో ఇలా పెట్టండి:

"నమస్తే సార్. నిన్న 11 గంటల మీటింగుకు రాలేకపోయాను, ముందుగా చెప్పలేకపోయాను, క్షమించండి. తెల్లవారుజామున మా నాన్నగారిని గుండెనొప్పితో ఆస్పత్రిలో చేర్చాం. ఇప్పుడు కుదుటపడ్డారు. శుక్రవారం 11 గంటలకు గానీ, సోమవారం సాయంత్రం 4 గంటలకు గానీ మీకు వీలవుతుందా? హోమ్ పేజీ డిజైన్ ఈ రాత్రికి పంపిస్తాను, ఈలోగా చూస్తూ ఉండండి."

ఇందులో క్షమాపణ దేనికో గమనించండి. నాన్నగారికి బాగోలేకపోవడం మీ తప్పు కాదు. కబురు లేక షాపు ఓనరు పని ఆపుకుని ఎదురుచూశారు, క్షమాపణ దానికే. కారణం ఒక్క వాక్యం చాలు. ఆస్పత్రి ఫొటోలు, రిపోర్టులు పంపకండి. నమ్మించడానికి తాపత్రయపడినకొద్దీ అనుమానం పెరుగుతుంది. డిజైన్ సిద్ధంగా లేకపోతే ఆ చివరి మాట తీసేయండి.

నా దగ్గరకు వచ్చే పిల్లలు ఎక్కువగా పొరపాటు చేసేది కొత్త టైమ్ దగ్గరే. కంగారులో "రేపే కలుద్దాం సార్" అనేస్తారు, మళ్లీ వాయిదా వేస్తారు. మొదటిసారి ఎవరైనా అర్థం చేసుకుంటారు, రెండోసారి కష్టం. గురువారం డిశ్చార్జి అన్నారు కాబట్టి ఆ రోజు అస్సలు పెట్టుకోకండి. బిల్లు, ఇన్సూరెన్స్ అప్రూవల్, మందులు అన్నీ అయ్యేసరికి సాయంత్రమైపోతుంది. శుక్రవారం ఆ రెండు గంటలు నాన్నగారి దగ్గర ఎవరుంటారో ముందే ఇంట్లో మాట్లాడుకుని, ఆ తర్వాతే ఆయనకు టైమ్ చెప్పండి. శని, ఆదివారాలు బట్టల షాపులో రద్దీ, అందుకే రెండో టైమ్ సోమవారం పెట్టాను. "మీకెప్పుడు వీలైతే అప్పుడు" అని మాత్రం వదిలేయకండి, మళ్లీ ఆలోచించే పని ఆయన మీదే పడుతుంది.

నిన్నటి మీటింగ్ కోసం ఆయన తమ్ముణ్ణో అకౌంటెంటునో పిలిపించి ఉంటే, కొత్త టైమ్ వాళ్లకూ కుదురుతుందా అని అడగండి. గూగుల్ మీట్ లింకు పంపి ఉంటే క్యాలెండర్‌లో పాత ఇన్వైట్‌నే తెరిచి టైమ్ మార్చండి. కొత్తది పంపితే రెండు లింకులుండి తికమక అవుతుంది.

శుక్రవారం కూర్చోగానే జరిగినదంతా మళ్లీ మొదలుపెట్టకండి. "నాన్నగారికి ఎలా ఉంది?" అని ఆయనే అడిగితే "ఇంటికి తీసుకొచ్చాం సార్, తేరుకుంటున్నారు" అని చెప్పి, హోమ్ పేజీ తెరిచి చూపించండి.