పాప మొదటి పుట్టినరోజు: మైకులో ఆ రెండు నిమిషాలు

"మాది గుంటూరు, నా భార్యది మధురై. మా పెళ్లికి మామగారు రాలేదు. ఇప్పుడు పాప మొదటి పుట్టినరోజుకి వస్తానన్నారు. మావాళ్లకు తమిళం రాదు, వాళ్లకు తెలుగు రాదు. రెండు మాటలు చెప్పమని అందరూ అంటున్నారు. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్."

ముందు ఏ మాట అనకూడదో చెప్తాను. "ఇన్నాళ్లకు మామయ్యగారు మమ్మల్ని క్షమించి వచ్చారు" అని మాత్రం అనకండి. మీరు సంతోషంతోనే అంటారు. కానీ మీ బంధువులందరి తలలూ ఒక్కసారిగా ఆయన వైపు తిరుగుతాయి. పాత గొడవ నలుగురిలో విప్పినట్టవుతుంది. అంతగా చెప్పాలనిపిస్తే ముందురోజు ఆయన మీ ఇంటికి రాగానే మంచినీళ్లిచ్చి, "మీరు రావడం మాకు చాలా సంతోషం మామయ్యగారూ" అనండి. అంతే చాలు.

మైకులో అందరినీ పాప వరసతోనే పిలవండి. తాత అనే మాట రెండు భాషల్లోనూ ఉంది. అమ్మమ్మను మాత్రం తమిళంలో పాట్టి అంటారు. "మధురై తాత, గుంటూరు తాతయ్య" అన్నారంటే మీ పెళ్లి ప్రస్తావనే రాదు.

ఇంకొకటి. మీ వైపు వాళ్లను ఒకసారి, వాళ్ల వైపు వాళ్లను ఒకసారి విడివిడిగా పొగిడితే ఎవరి గురించి ఎక్కువ చెప్పారో లెక్కలు మొదలవుతాయి. రెండు వైపులవాళ్లూ ఉన్న ఒకే ఒక్క సంగతి చెప్పండి. ఉదాహరణకు ఇలా:

"అందరికీ నమస్కారం. ఎల్లారుక్కుం వణక్కం. మా పాపకు ఇవాళ ఏడాది నిండింది. మూడో నెలలో రోజూ రాత్రి రెండింటికి లేచి ఏడ్చేది. మా అమ్మ ఒళ్లో వేసుకుని ఊపేది, మధురై పాట్టి ఫోన్‌లో జోలపాట పాడేది. రెండూ కలిస్తే గానీ కళ్లు మూసేది కాదు. ఈ ఏడాదంతా అందరికన్నా తక్కువ నిద్రపోయింది మాత్రం వాళ్లమ్మే. మధురై తాతకు, గుంటూరు తాతయ్యకు, ఇక్కడున్న పెద్దలందరికీ పాప తరఫున దండం. మీ ఆశీస్సులు కావాలి. ఎల్లారుం వందదుక్కు రొంబ నండ్రి."

జోలపాట సంగతి నేను ఊహించి రాసింది. దాని బదులు మీ ఇంట్లో నిజంగా జరిగింది పెట్టుకోండి. లేనిది చెప్తే అత్తగారికి వెంటనే తెలిసిపోతుంది. మొదటి తమిళం ముక్కకు అందరికీ నమస్కారం అని, చివరిదానికి అందరూ వచ్చినందుకు చాలా థ్యాంక్స్ అని అర్థం. రెండూ మీ ఆవిడ ముందు నాలుగుసార్లు పలికి చూసుకోండి. ప్రతి వాక్యాన్నీ అనువదించవద్దు, రెండు నిమిషాలు ఐదవుతాయి. జోలపాట దగ్గర మాత్రం మీ ఆవిడ ఒక్క వాక్యం తమిళంలో చెప్తే వాళ్లవాళ్లందరికీ అర్థమవుతుంది.

కేక్ కోయకముందే మాట్లాడేయండి. ఆ తర్వాత బెలూన్లు పగులుతాయి, పాప జడుసుకుని ఏడుస్తుంది, ఇక మీ మాట ఎవరికీ వినపడదు.

మామగారిని మాత్రం స్టేజీ మీదికి పిలవకండి. రానంటే ఆయనకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. మీరు మైకు పెట్టేశాక మీ ఆవిడే పాపను ఎత్తుకుని ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లి ఒళ్లో కూర్చోబెట్టాలి. ఆ సమయంలో ఫొటోగ్రాఫర్‌ను కాస్త దూరంగా ఉండమనండి.