బత్తాయి రైతుల గ్రూపు బాధ్యత నీకిస్తూ

తమ్మీ,

వచ్చే నెల నేను వాట్సాప్ గ్రూపు అడ్మిన్ పని నుంచి దిగుతున్న. అప్పటిదాకా చేయాల్సినవి వరసగా రాస్తున్న.

ముందుగా నీతోపాటు ఇంకొకరిని అడ్మిన్ చెయ్యాలె. ఒక్కడే అడ్మిన్‌గా ఉండి ఆయన గ్రూపు వదిలితే, వాట్సాప్ తనే ఎవరో ఒక సభ్యుణ్ని అడ్మిన్ చేస్తది. అట్ల అడ్మిన్ అయ్యేటోడు పురుగుమందుల షాపు ప్రకటనలు పెట్టేటోడే కావొచ్చు. ఒకరు నల్లగొండ దిక్కు, ఒకరు హాలియా దిక్కు ఉంటే మంచిది. ఒకరి తోటలో కోత నడిచినప్పుడు ఇంకొకరు చూసుకుంటరు.

మీ ఇద్దరూ అడ్మిన్లైనంక ఆహ్వాన లింకును రీసెట్ చెయ్యి. పాత లింకు ఏ కరపత్రం మీద, ఎవరి ఫోన్ల ఉందో తెల్వదు. రీసెట్ చేస్తే అది పనిచెయ్యదు. కొత్త సభ్యులకు అడ్మిన్ ఆమోదం ఉండాలనే సెట్టింగు ఆన్ చేసి, ఊరు, తోట వయసు అడిగి చేర్చుకో. నియమాలు పిన్ చేసి వదలొద్దు, పిన్ ఎక్కువల ఎక్కువ 30 రోజులే ఉంటది. గ్రూపు వివరణలో రాయి.

అన్నిటికంటె ఎక్కువ కన్నేసి ఉండాల్సింది మందు మోతాదుల మీద. 'ట్యాంకుకు 40 మి.లీ. కొట్టు' అని ఎవరో రాస్తరు. ఆయనది 20 లీటర్ల ట్యాంకు, అంటే లీటరుకు 2 మి.లీ. చదివినాయన 10 లీటర్ల పంపుల అంతే పోస్తే లీటరుకు 4 అయితది. రెట్టింపు మందు పడితే లేత ఆకు మాడొచ్చు, పూత రాలొచ్చు. అందుకే లీటరుకు ఎంతో రాయని పోస్టును వెంటనే తీసెయ్యి. ఆలస్యమైతే అందరి ఫోన్లలోంచి తీసే వీలు పోతది. తీసినంక రాసినాయనకు విడిగా ఫోన్ చెయ్యి, గ్రూపుల మందలించకు. నలుగురిలో మాట పడ్డ రైతు మళ్ల నోరు విప్పడు, ఆయన అనుభవం గ్రూపుకు దక్కకుండ పోతది. సలహా అడిగేటోళ్లను ఆకు రెండు దిక్కులా ఫొటో, చెట్టు వయసు పెట్టమను. ఆకు అడుగు భాగం చూడకుండ నల్లి ఉందో లేదో చెప్పడం కష్టం.

ఇంకొక మాట. అడ్మిన్ మారిండని తెలిస్తే, పాత అడ్మిన్ పేరు, ఫొటో పెట్టుకొని కొత్త నంబరు నుంచి డబ్బులు అడిగే మోసగాళ్లు ఉంటరు. నా పేరు మీద డబ్బులు అడిగితే ఇయ్యొద్దని నేను దిగే రోజే గ్రూపుల రాయి. ఎవరన్న ఇచ్చేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమను, ఎంత తొందరైతే అంత మంచిది.

గ్రూపు పెట్టింది నేనే కాబట్టి, నేను లోపలున్నంత కాలం నన్ను అడ్మిన్‌గా ఎవరూ తీసెయ్యలేరు. అందుకే ఒకసారి బయటికి వస్త. ఆ తెల్లారి నన్ను మామూలు సభ్యునిగా చేర్చుకో.

మీ అన్న