స్లైడ్‌లో ఉన్న 60 శాతాన్ని కేస్ స్టడీలో రాయొచ్చా?

ప్రశ్న: ఎంబీఏ ఫైనల్ ఇయర్ చదువుతూ, హైదరాబాద్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీలో మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను మేడమ్. సేల్స్ వాళ్లు 14 స్లైడ్ల సక్సెస్ స్టోరీ డెక్ ఇచ్చి, శుక్రవారంలోగా ఒక పేజీ కేస్ స్టడీ రాయమన్నారు. కస్టమర్ ఒక మందుల హోల్‌సేల్ సంస్థ. ‘నెలాఖరు లెక్కల సమయం 60% తగ్గింది’, ‘అమ్మకాలు 18% పెరిగాయి’, ‘పెట్టుబడికి 3 రెట్లు రాబడి’ అని ఉంది గానీ ఎక్కడా ఆధారం లేదు. ఇవి తీసేస్తే పేజీలో ఏం మిగులుతుంది? అడగాలంటే భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: రాయడం ఇప్పుడే మొదలుపెట్టకండమ్మా. ముందు ఆ మూడు మాటలనూ ఒక షీట్‌లో దించండి. ప్రతి దాని పక్కన స్లైడ్ నంబర్, ఆ మాట ఎవరు చెప్పారు, ఏ నెలల లెక్క, రుజువు ఎక్కడుంది అని నాలుగు గళ్లు పెట్టండి. మీకు పీడీఎఫ్ ఇచ్చి ఉంటే అసలు పీపీటీ అడగండి. స్లైడ్ల కింది నోట్స్‌లో చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది. చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి Edit Data నొక్కితే వెనకున్న అంకెలు కూడా కనిపించవచ్చు.

60 శాతం సంగతి చూద్దాం. నోట్స్‌లో ‘కాల్‌లో చెప్పారు, ముందు 5 రోజులు, ఇప్పుడు 2’ అని ఉందనుకోండి. లెక్క సరిగ్గానే 60 శాతం వస్తుంది. కానీ దాని వెనక ఉన్నది ఒక మనిషి గుర్తుపెట్టుకుని చెప్పిన అంచనా. శాతంగా మార్చగానే అది ఎవరో కొలిచి తేల్చినట్టు కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. కాబట్టి శాతం వదిలేసి ఇలా రాయండి: “నెలాఖరు లెక్కలు ముగించడానికి మునుపు సుమారు 5 రోజులు పట్టేదని, ఇప్పుడు 2 రోజుల్లో అవుతోందని సంస్థ అకౌంట్స్ మేనేజర్ చెప్పారు.” ఈ వాక్యం ఎవరడిగినా నిలబడుతుంది, చదవడానికీ బాగుంటుంది. ఇంకా గట్టిగా కావాలంటే పాత పద్ధతిలో మూడు నెలలు, కొత్త పద్ధతిలో మూడు నెలలు లెక్కలు ముగిసిన తేదీలు కస్టమర్‌ను అడగండి. మార్చిని మాత్రం మామూలు నెలతో పోల్చకండి. ఆర్థిక సంవత్సరం ముగింపు కాబట్టి ఆ నెల పని ఎలాగూ ఎక్కువే.

18 శాతం అమ్మకాలను ఫలితాల్లోంచి తీసేయండి. అమ్మకాలు నిజంగానే పెరిగి ఉండొచ్చు. కానీ కొత్త ఊళ్లకు సరఫరా మొదలైందేమో, ధరలు పెరిగాయేమో, జ్వరాల సీజనేమో. ‘సాఫ్ట్‌వేర్ వల్ల’ అని మీరు రాయకపోయినా, ‘సాఫ్ట్‌వేర్ వచ్చాక’ అంటే చాలు, చదివేవాళ్లు వల్లనే అనుకుంటారు.

మూడు రెట్ల రాబడి దగ్గర ఒకటే చూడండి: అది జరిగిన లెక్కా, అమ్మకానికి ముందు ప్రపోజల్‌లో చూపిన అంచనానా? అంచనా అయితే కేస్ స్టడీలో దానికి చోటు లేదు. జరిగిన లెక్కే అంటే ఖర్చులో లైసెన్సు ఒక్కటే కలిపారా, పాత డేటా ఎక్కించడం, సిబ్బంది శిక్షణ కూడా కలిపారా, ఎన్ని నెలలకు అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

పేజీలో ఏం మిగులుతుందన్నారు. జరిగిన పని మిగులుతుంది, నా దృష్టిలో కొనేవాళ్లకు కావలసిందీ అదే. ఉదాహరణకు: “ముందు బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు ఒక ఎక్సెల్‌లో, బిల్లులు మరోచోట ఉండేవి. షాపులు వెనక్కి పంపిన మందులకు క్రెడిట్ నోట్ రాయాలంటే రెండూ తెరిచి సరిచూసుకోవాలి. ఇప్పుడు బిల్లు తెరిస్తే అందులోనే బ్యాచ్, గడువు కనిపిస్తాయి.” ఇందులో ఒక్క శాతం కూడా లేదు, అయినా ఇంకో హోల్‌సేలర్ చదివితే తన కొట్టు కళ్ల ముందు కనిపిస్తుంది. మీ కస్టమర్ దగ్గర నిజంగా జరిగింది ఏమిటో సాఫ్ట్‌వేర్ పెట్టిన టీమ్‌ను అడగండి. పేజీలో సగం దీనికే ఇవ్వండి. సమస్యకు నాలుగైదు వాక్యాలు, ఫలితానికి రెండు మూడు చాలు.

ఇక భయం గురించి. ‘ఇది తప్పు’ అని వెళ్లకండి. ఆ కస్టమర్‌ను చూసుకునే అకౌంట్ మేనేజర్‌కు చిన్న మెసేజ్ పెట్టండి: “సర్, 9వ స్లైడ్‌లోని 60% ఏ నెలల లెక్క? కస్టమర్ మెయిల్ గానీ రిపోర్ట్ గానీ ఉంటే పంపగలరా? కస్టమర్ అప్రూవల్‌కు పంపేముందు సరిచూస్తున్నాను.” ‘అంకె లేకపోతే ఎలా’ అని మేనేజర్ పట్టుబడితే, ప్రకటనల్లోని వాదనలకు అడిగినప్పుడు రుజువు చూపగలగాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతోందని గుర్తుచేయండి. కేస్ స్టడీ కూడా అమ్మకానికి వాడే కాగితమే కదా.

కస్టమర్ అనుమతి చివరి ప్రతికే తీసుకోవాలి, అదీ మెయిల్‌లో. సంస్థ పేరు, లోగో, వాళ్ల అకౌంట్స్ మేనేజర్ చెప్పిన మాటలు, మూడింటికీ విడివిడిగా ‘సరే’ అనిపించుకోండి. తర్వాత ఎవరైనా ఒక్క అంకె మార్చినా మళ్లీ పంపాల్సిందే. శుక్రవారం పేజీతో పాటు ఆ షీట్ కూడా జతచేసి ఇవ్వండి. ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏది ఎందుకు వదిలారో మీ మేనేజర్‌కు అందులోనే కనిపిస్తుంది.