హెచ్ఎం పని నాది, సంతకం పక్క ఊరి సారుది: ఎఫ్ఏసీ అలవెన్స్ అడగొచ్చా?

ప్రశ్న: మా జెడ్పీ హైస్కూల్లో హెచ్ఎం గారు రిటైరై ఐదు నెలలైంది. సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌ని కాబట్టి స్కూలంతా నేనే చూస్తున్నా. జీతాల బిల్లులు మాత్రం పక్క ఊరి హెచ్ఎం గారు పెడుతున్నారు. నాకు అలవెన్స్ వస్తుందా?

జవాబు:

మేడమ్, ముందు ఒక్క కాగితం వెతకండి. మిమ్మల్ని హెచ్ఎం బాధ్యతలు చూడమన్న ప్రొసీడింగ్స్ మీ చేతిలో ఉన్నాయా? ఉంటే అందులో ‘ఫుల్ అడిషనల్ చార్జ్’ అని ఉందా, ‘ఇన్‌చార్జ్’ అని ఉందా? మీరు ఎన్ని గంటలు పనిచేశారన్నది ట్రెజరీ వాళ్లు చూడరు, ఆ ఒక్క మాటే చూస్తారు.

మీరు చెప్పిన దాన్నిబట్టి డీడీఓ పవర్స్ పక్క ఊరి సారుకిచ్చారు. అంటే కాగితం మీద మీ స్కూలు ఎఫ్ఏసీ ఆయనకే ఉండి ఉంటుంది. గేటు తాళం దగ్గర్నుంచి గుడ్ల లెక్క దాకా చూసేది మీరైనా, ఎఫ్.ఆర్. 49 కింద అలవెన్స్ అడిగే హక్కు ఆయనదవుతుంది. వినడానికి కడుపు మండుతుంది గానీ ముందు ఇది తేల్చుకోకుండా అర్జీ పెడితే నెలలు పోతాయి. నాకు పోయాయి.

మా స్కూల్లోనూ ఇలాగే జరిగింది. ఫోన్లో ‘మీరే చూసుకోండి సార్’ అన్నారు. వారం తర్వాత వచ్చిన ఉత్తర్వులో ‘ఇన్‌చార్జ్’ అని ఉంది. నేను పట్టించుకోలేదు. నాలుగు నెలల తర్వాత అలవెన్స్ బిల్లు పెడితే అబ్జెక్షన్‌తో వెనక్కొచ్చింది: ఇన్‌చార్జ్ అంటే రోజువారీ పనులు చూడటమే, పోస్టు పూర్తి అధికారాలు రావు, కాబట్టి అలవెన్స్ లేదు. మధ్యాహ్న భోజనం బిల్లులు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానాలు, అన్నింటి మీదా నా సంతకమే ఉందని చూపించాను. గుమాస్తా నవ్వి, ‘పని చేశారని మాకూ తెలుసు సార్, ఆర్డర్ మార్పించుకు రండి’ అన్నాడు.

అప్పుడు డీఈఓ ఆఫీసుకి అర్జీ పెట్టి, డీడీఓ పవర్స్‌తో ఎఫ్ఏసీ ఇవ్వమని అడిగాను. ఇచ్చారు, కానీ కొత్త ఉత్తర్వు తేదీ నుంచే. వెనకటి నాలుగు నెలలకి పైసా రాలేదు. ఆ రోజే బాధ్యతలు తీసుకున్నట్టు సీటీసీ రాసి, ఎస్‌ఆర్‌లో ఎంట్రీ వేయించుకున్నాను. ఆ ఎంట్రీ లేక రెండేళ్ల తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను.

లెక్క ఇలా ఉంటుంది. మన రాష్ట్ర నిబంధనల్లో మొదటి మూడు నెలలు మీ మూలవేతనంలో ఐదో వంతు, తర్వాతి మూడు నెలలు పదో వంతు. ఈ మొత్తం అదనపు పోస్టు స్కేలు కనీసంలో సగాన్ని దాటకూడదు. ఆరు నెలలు దాటితే ఏమీ లేదు. అప్పట్లో నా మూలవేతనం 60,260. ఐదో వంతు 12,052. గ్రేడ్-2 హెచ్ఎం స్కేలు కనీసంలో సగం ఇంతకన్నా చాలా ఎక్కువే, కాబట్టి ఆ పరిమితి నాకు అడ్డం రాలేదు. మూడు నెలలకి 36,156, తర్వాతి మూడింటికి నెలకి 6,026 చొప్పున 18,078. మొత్తం 54,234. ఆ తర్వాత ఇంకో రెండు నెలలు హెచ్ఎం కుర్చీలోనే ఉన్నాను, ఉచితంగా. ఏడాది పనికి ఆరు నెలల అలవెన్స్ అన్నమాట.

కోర్టుకి వెళ్లొచ్చా అని కొందరు అడుగుతారు. సెల్వరాజ్ కేసులో (1998) పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైమరీ టీచరు స్కౌట్స్ సెక్రటరీ బాధ్యతలు చూశారు. రెగ్యులర్ ప్రమోషన్ కాకపోయినా, పనిచేసిన కాలానికి పై పోస్టు జీతంలో తేడా ఇమ్మంది సుప్రీంకోర్టు. మన యూనియన్ గ్రూపుల్లో దీన్ని తెగ పంచుతుంటారు. కానీ ఆయన జీతాన్ని ఆ సెక్రటరీ పోస్టు మీదే డ్రా చేయాలని ఉత్తర్వులోనే రాసి ఉంది. ఆ మాట ఎవరూ చెప్పరు. మీ చేతిలో అలాంటి కాగితం లేదు. అదే ఏడాది హరి ఓం శర్మ కేసులో మాత్రం పనికొచ్చే మాట ఒకటుంది: పై పోస్టు జీతం అడగనని ముందుగా రాయించుకున్న హామీ చెల్లదని. మీతో అలాంటి హామీ ఏదైనా రాయించుకుని ఉంటే దానికి భయపడక్కర్లేదు.

కాబట్టి ఈ వారంలోనే పక్క ఊరి సారు ప్రొసీడింగ్స్ కాపీ ఒకటి సంపాదించండి. ఎఫ్ఏసీ ఆయన పేరు మీదే ఉంటే, ఆయన్ని కలిసి మాట్లాడండి. చాలామందికి ఆ రెండో స్కూలు బిల్లులు తలనొప్పే, వదులుకోవడానికి సంతోషంగా లెటర్ ఇస్తారు. ఆ లెటరు జతచేసి, డీడీఓ పవర్స్‌తో ఎఫ్ఏసీ మీకివ్వమని డీఈఓ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. ఐదు నెలల వెనకటి డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. కొత్త ఉత్తర్వులో ‘ఇన్‌చార్జ్’ అని కనబడితే మాత్రం సీటీసీ మీద సంతకం పెట్టకముందే మార్పించండి.